రిపోర్టులో టైము, తేదీ, టైమ్ జోన్: బెంగళూరు నుంచి న్యూజెర్సీకి రాసేటప్పుడు తరచుగా అడిగే ప్రశ్నలు

మా టీమ్ మారతహళ్లిలో కూర్చుంటుంది. న్యూజెర్సీలో ఉన్న ఒక క్లయింట్ పేమెంట్ సర్వర్లు మేము చూసుకుంటాం. ఏదైనా ఆగిపోతే బాగుచేయడం ఒక పని, ఏం జరిగిందో రాసి వాళ్లకు పంపడం ఇంకో పని. ఆ రెండో పని కొన్నేళ్లుగా నా చేతిలో ఉంది. మాలో ఎక్కువమందిమి అనంతపురం, హిందూపురం, కడప వైపు వాళ్లమే కాబట్టి కొత్తగా చేరినవాళ్లు ఈ ప్రశ్నలన్నీ టీ తాగేచోట తెలుగులోనే అడుగుతారు. ప్రతిసారీ చెప్పినదే చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. చాలా జవాబులు 2025 నవంబర్ 2, ఆదివారం నాటి ఒక్క రిపోర్టు చుట్టూనే తిరుగుతాయి. నాకు ఈ విషయం నిజంగా అర్థమైంది ఆ రిపోర్టుతోనే.

## ఆ ఆదివారం అసలు ఏం జరిగింది?

మన టైము ఉదయం 11:10కి పేమెంట్లు ఫెయిల్ కావడం మొదలైంది. ఒక సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది. సర్వర్ రాసి పెట్టుకున్న పాత లాగు ఫైళ్లు తీసేసి, సర్వీసు మళ్లీ మొదలుపెట్టేసరికి 11:50 అయింది. మొత్తం 40 నిమిషాలు. మా పనిలో ఇది పెద్ద సంఘటనేమీ కాదు.

అసలు చిక్కు రిపోర్టులో వచ్చింది. ఆ రోజు షిఫ్టులో ఉన్న అబ్బాయి "చదివేది వాళ్లు కదా, వాళ్ల టైములోనే రాద్దాం" అనుకుని అన్ని టైములూ న్యూజెర్సీ టైములోకి మార్చాడు. మంచి ఆలోచనే. లెక్క కూడా సరిగ్గా చేశాడు. చివరికి డ్రాఫ్టులో ఇలా వచ్చింది: సమస్య మొదలైంది 1:40కి, తీరింది 1:20కి.

ఆ డ్రాఫ్టు సరిచూడాల్సింది నేను. మొదలవకముందే ఎలా తీరుతుంది, టైప్ చేయడంలో పొరపాటు అయి ఉంటుంది అనుకుని 1:20ని 2:20 చేశాను. 1:40 నుంచి 2:20కి 40 నిమిషాలు. లెక్క చక్కగా కుదిరింది కాబట్టి ఇంకేమీ ఆలోచించకుండా పంపేశాను.

తప్పు నాది. ఆ అబ్బాయి రాసిన రెండు అంకెలూ సరైనవే. నవంబర్ మొదటి ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు అమెరికాలో గడియారాన్ని గంట వెనక్కి తిప్పి 1 చేస్తారు. అంటే ఆ రాత్రి 1 నుంచి 2 దాకా ఉండే గంట రెండుసార్లు వస్తుంది. మన 11:10 అప్పుడు అక్కడ మొదటిసారి వచ్చిన 1:40. మన 11:30కి వాళ్ల గడియారం 2 కావాల్సింది, 1కి వెళ్లింది. మన 11:50 అప్పుడు రెండోసారి వచ్చిన 1:20.

## టైము గంట అటూ ఇటూ అయితే అంత నష్టమేముంది?

మా రిపోర్టులో ఉన్న 1:40 నుంచి 2:20 అన్న టైము పట్టుకుని క్లయింట్ వాళ్లు తమ రికార్డులు వెతికారు. డబ్బు కట్ అయి, ఆర్డర్ పడని కస్టమర్ల లిస్టు తీయడానికి.

వాళ్లకు ముందు కనిపించింది రెండోసారి వచ్చిన 1:40 తర్వాత బాగానే జరిగిన పేమెంట్లు. "2:20 దాకా ఆగిపోయిందన్నారు, మరి ఇవి ఎలా జరిగాయి?" అని అడిగారు. అది సందేహం మాత్రమే, జవాబు చెప్పుకోవచ్చు. అసలు నష్టం దొరకనివాళ్లది. ఆగిపోయిన 40 నిమిషాల్లో మొదటి 20 నిమిషాలు వాళ్ల గడియారంలో మొదటి 1:40 నుంచి 2 దాకా. ఆ తర్వాతి 20 నిమిషాలు రెండో 1:00 నుంచి 1:20 దాకా. మేమిచ్చిన టైములో ఈ రెండో సగం లేనే లేదు. ఆ సగంలో డబ్బు పోయిన కస్టమర్లు లిస్టులోకి రాలేదు. వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసి అడిగేదాకా ఎవరికీ తెలియలేదు.

రిపోర్టులో టైము అన్నది చూసుకోవడానికి రాసే వివరం కాదు. అవతలివాళ్లు దాన్ని పట్టుకుని వెతుకుతారు. అది తప్పితే వాళ్ల వెతుకులాట అంతా తప్పుతుంది.

## అయితే ఆ రిపోర్టు ఎలా రాసి ఉండాల్సింది?

టైమ్‌లైన్ ఇలా ఉండాలి:

```
UTC                 India      New Jersey
2025-11-02 05:40    11:10 IST  01:40 EDT
2025-11-02 05:47    11:17 IST  01:47 EDT
2025-11-02 06:05    11:35 IST  01:05 EST
2025-11-02 06:20    11:50 IST  01:20 EST
```

మొదటి లైను పేమెంట్లు ఫెయిల్ కావడం, రెండోది మేము అలర్ట్ చూడటం, మూడోది డిస్క్ నిండిందని తెలియడం, నాలుగోది తిరిగి మామూలు కావడం. యూటీసీ అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైము. ఎడమవైపు ఉన్న ఆ కాలమ్‌లో టైము ఎక్కడా వెనక్కి పోదు, 5:40 నుంచి 6:20 దాకా వరుసగా ముందుకే నడుస్తుంది. కుడివైపు కాలమ్‌లో వెనక్కి వెళ్లినట్టు కనిపించినా, పక్కన ఈడీటీ కాస్తా ఈఎస్‌టీగా మారింది కాబట్టి ఎందుకో తెలుస్తుంది. ఈడీటీ అంటే అక్కడి వేసవి టైము, యూటీసీ కంటే 4 గంటలు వెనక. ఈఎస్‌టీ అంటే చలికాలపు టైము, 5 గంటలు వెనక.

దీని కింద ఒక్క వాక్యం కూడా రాయాలి: ఆ రాత్రి న్యూజెర్సీలో గడియారం గంట వెనక్కి వెళ్లింది, అందుకే 1 గంట రెండుసార్లు కనిపిస్తుంది, రికార్డులు వెతికేటప్పుడు యూటీసీ కాలమ్ వాడండి అని. ఆ రోజు నేను ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది.

## యూటీసీ మనదీ కాదు, వాళ్లదీ కాదు. దాన్నే ముందు ఎందుకు పెట్టాలి?

తిథి లెక్క గుర్తు తెచ్చుకోండి. ఒక తిథి ముగిసే క్షణం భూమ్మీద అందరికీ ఒక్కటే. కానీ ఆ క్షణంలో బెంగళూరులో పొద్దున్న అయితే న్యూజెర్సీలో ముందురోజు రాత్రి కావచ్చు. అందుకే ఇక్కడి పంచాంగంలో టైములు చూసి అక్కడివాళ్లు ఏకాదశి ఉపవాసం ఉండలేరు. అక్కడి ఊరికి లెక్కకట్టిన పంచాంగం వేరే కావాలి. క్షణం ఒకటే, దాన్ని ఊరూరా గడియారాలు వేరువేరు అంకెలతో చెబుతాయి.

యూటీసీ ఆ క్షణానికి ఏ ఊరితోనూ సంబంధం లేని ఒక పేరు పెడుతుంది. ఎండాకాలం, చలికాలం అని మారదు. మన టైము దానికి ఏడాది పొడుగునా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. సర్వర్లలో లాగులు కూడా చాలావరకు అందులోనే ఉంటాయి కాబట్టి, రిపోర్టు చదివినవాళ్లు నేరుగా వెళ్లి లాగుతో సరిపోల్చుకోవచ్చు. మధ్యలో మార్పిడి లేకపోతే మార్పిడిలో తప్పు కూడా ఉండదు.

## లాగులోనూ యూటీసీనే, రిపోర్టులోనూ యూటీసీనే అయినప్పుడు వాళ్ల టైము మళ్లీ పక్కన ఎందుకు?

చదివేది మనిషి కదా. మా రిపోర్టు అందుకునే ఆవిడ అక్కడ ఆపరేషన్స్ చూస్తారు. సోమవారం పొద్దున్న ఆఫీసుకు వచ్చి మొదట చదివేది ఇదే. 05:40 యూటీసీ అంటే ఆవిడకు ఏమీ తోచదు. ఆదివారం తెల్లవారుజామున 1:40 అంటే వెంటనే తెలుస్తుంది, అప్పుడు షాపింగ్ చేసేవాళ్లు తక్కువ, కాల్ సెంటర్‌లో ఎంతమంది ఉన్నారు, తన ఫోన్ ఎందుకు మోగలేదు అన్నీ. అదే 40 నిమిషాలు అక్కడ శుక్రవారం సాయంత్రం 6కి జరిగి ఉంటే ఎంత నష్టమో కూడా ఆవిడకు తన టైము చూస్తేనే తెలుస్తుంది.

కాబట్టి రిపోర్టు పైన ఉండే నాలుగు వాక్యాల సారాంశంలో ఆవిడ టైమే ముందు రావాలి. కింద టైమ్‌లైన్‌లో యూటీసీ ముందు రావాలి. మన టైము మాత్రం మనవాళ్ల కోసం. రేపు ఇంకో షిఫ్టులో ఎవరైనా ఈ సంఘటన చూడాలంటే 11:10 అంటేనే గుర్తు పడతారు.

## ఐఎస్‌టీ, సీఎస్‌టీ అని మూడక్షరాలు రాస్తే చాలదా?

చాలదు. ఐఎస్‌టీ అంటే మనకు ఇండియా. ఇజ్రాయెల్ వాళ్లు తమ టైమునీ, ఐర్లండ్ వాళ్లు తమ వేసవి టైమునీ అవే అక్షరాలతో రాస్తారు. సీఎస్‌టీ అంటే చికాగో వాళ్లకు అమెరికా మధ్యభాగపు టైము, షాంఘై వాళ్లకు చైనా టైము. ఈ రెండింటి మధ్య తేడా 14 గంటలు. బీఎస్‌టీ లండన్ వేసవి టైమూ కావచ్చు, బంగ్లాదేశ్ టైమూ కావచ్చు.

రిపోర్టులో మొదటిసారి వచ్చినప్పుడు ఊరి పేరు, యూటీసీతో తేడా రెండూ రాస్తే ఆ సందేహం ఉండదు. మేము పై వరుసలో ఇలా పెడతాం, ఆ తర్వాత రిపోర్టంతా మామూలు మూడక్షరాలే:

```
IST = India, UTC+05:30
EDT = New Jersey, UTC-04:00 (until 2025-11-02 06:00 UTC)
EST = New Jersey, UTC-05:00 (after that)
```

ఇంకో అలవాటు కూడా మానుకోవాలి. మనలో చాలామంది ఏడాదంతా ఈఎస్‌టీ అనే రాస్తారు, అమెరికా తూర్పు తీరం టైము అన్న అర్థంలో. జూలైలో ఈఎస్‌టీ అని రాస్తే అక్షరాలా చదివేవాళ్లకు గంట తేడా వస్తుంది, ఎందుకంటే జూలైలో అక్కడ నడిచేది ఈడీటీ. ఏది నడుస్తోందో తెలియనప్పుడు "న్యూజెర్సీ టైము" అని రాసినా తప్పు లేదు, తప్పు అక్షరం రాయడం కంటే అదే నయం.

## తేదీ 02/11/2025 అని రాయొచ్చా?

వద్దు. మనకు అది నవంబర్ 2. అమెరికాలో ముందు నెల, తర్వాత రోజు రాస్తారు కాబట్టి వాళ్లకు అది ఫిబ్రవరి 11. మెయిల్ చదివే మనిషి సందర్భాన్ని బట్టి పోల్చుకుంటారు. ఎక్సెల్ పోల్చుకోదు. మనం పంపిన సీఎస్‌వీ ఫైలును అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో తెరిస్తే 02/11/2025ని ఫిబ్రవరి 11గా తీసుకుంటుంది. 28/10/2025ని మాత్రం తేదీగా తీసుకోలేదు, 28వ నెల లేదు కదా, దాన్ని మామూలు అక్షరాల్లా వదిలేస్తుంది.

ఇది జరిగిందో లేదో కంటితోనే పట్టుకోవచ్చు. తేదీల కాలమ్‌లో కొన్ని సెల్‌లో కుడివైపుకి, కొన్ని ఎడమవైపుకి ఆనుకుని ఉంటే అదే సంగతి. కుడివైపువి ఎక్సెల్ తేదీగా తీసుకున్నవి, ఎడమవైపువి అర్థంకాక వదిలేసినవి. అలాంటి ఫైలులో కుడివైపు ఉన్నవే ప్రమాదం, ఎందుకంటే అవి సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తాయి.

వాక్యంలో అయితే నెల పేరు అక్షరాల్లో రాసి వారం కూడా చేర్చండి. పట్టికలో, ఫైలులో అయితే 2025-11-02 లాగా ఏడాది, నెల, రోజు. ఇది ఐఎస్‌ఓ 8601 పద్ధతి. వరుసలో పెట్టినా తేదీల క్రమం చెడదు.

## వారం ఎందుకు? తేదీ ఉంటే చాలదా?

వారం రాస్తే తప్పు దానంతటదే బయటపడుతుంది. మార్చడంలో తేదీ ఒకరోజు జారిపోతే "శనివారం, నవంబర్ 2" అని వస్తుంది, క్యాలెండర్ చూసినవాళ్లెవరైనా పట్టుకుంటారు. తేదీ ఒక్కటే ఉంటే పట్టుకోవడానికి ఇంకో ఆధారం ఉండదు.

మన తెలుగువాళ్లకు ఇందులో ఇంకో చిక్కు ఉంది. మన మాటల్లో రాత్రి అంటే తెల్లవారేదాకా ముందురోజే. "శనివారం రాత్రి ఒంటిగంటకు బస్సు" అంటే మనందరికీ ఒకటే అర్థం, శనివారం పడుకోకుండా మేలుకుని ఎక్కే బస్సు. క్యాలెండర్ ప్రకారం అది ఆదివారం 1 గంట. పంచాంగంలోనూ వారం సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా లెక్క. ఈ అలవాటు మన తలలో ఉండి, రిపోర్టు ఇంగ్లీషులో రాసినా వేళ్లలోకి వచ్చేస్తుంది. నవంబర్ 2 సంఘటనని మా వాళ్లలో ఇద్దరు ఫోన్‌లో "అక్కడ శనివారం రాత్రి" అనే చెప్పారు. మాటగా తప్పు లేదు. అదే రిపోర్టులో సాటర్డే నైట్ అని పడితే, అవతలివాళ్లు నవంబర్ 1 రాత్రి 9, 10 గంటల రికార్డులు తీస్తారు.

అర్ధరాత్రి 12 కూడా ఇలాంటిదే. "ఆదివారం అర్ధరాత్రి లోపు" అంటే ఆదివారం మొదలయ్యే 12 గంటలా, ముగిసే 12 గంటలా? ముగిసేదైతే 23:59 అని, మొదలయ్యేదైతే 00:00 అని 24 గంటల పద్ధతిలో రాసేయండి. ఏఎమ్, పీఎమ్ గొడవ కూడా పోతుంది.

## టైము మార్చేటప్పుడు తప్పు రాకుండా ఎలా చేయాలి?

నోటి లెక్కతో చేయకండి. "వాళ్లకీ మనకీ తొమ్మిదిన్నర గంటలు" అని గుర్తుంటుంది, కానీ అది మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకానే. మిగతా నెలల్లో పదిన్నర గంటలు.

ఆన్‌లైన్ కన్వర్టర్లు వాడొచ్చు, కానీ తేదీ అడిగేవే వాడండి. తేదీ అడగనివి ఈ రోజు నడుస్తున్న తేడాతో లెక్క చెబుతాయి. సోమవారం నవంబర్ 3న కూర్చుని శనివారం నవంబర్ 1 నాటి సంఘటన రాస్తున్నారనుకోండి, అది పదిన్నర గంటలు తీసేస్తుంది. సంఘటన నాటికి తేడా తొమ్మిదిన్నరే. రిపోర్టులు ఎప్పుడూ జరిగిపోయాకే రాస్తాం కాబట్టి ఈ పొరపాటు మన పనిలో ఎక్కువ.

లైనక్స్ మెషిన్ చేతిలో ఉంటే నేను చేసేది ఇది:

```
TZ=America/New_York date -d '2025-11-02 11:50 +0530' '+%a %F %H:%M %Z'
```

జవాబుగా `Sun 2025-11-02 01:20 EST` అని వస్తుంది. వారం, తేదీ, టైము, ఏ టైమో నాలుగూ ఒకేసారి దొరుకుతాయి. లోపల `+0530` రాయడం మర్చిపోవద్దు. అది లేకపోతే మీరిచ్చిన 11:50ని న్యూజెర్సీ టైముగానే తీసుకుని అదే 11:50 తిరిగిస్తుంది, మారినట్టు మీరు అనుకుంటారు. ఒక విషయం, మ్యాక్‌లో ఉండే `date` ఈ `-d` పద్ధతిని ఒప్పుకోదు.

ఎక్సెల్‌లో చేయాల్సి వస్తే యూటీసీ దాకా చేయండి చాలు, `=A2-TIME(5,30,0)`. మన తేడా ఎప్పుడూ మారదు కాబట్టి ఇది ఏ తేదీకైనా సరిపోతుంది. కానీ సెల్‌లో తేదీ, టైము రెండూ ఉండాలి. టైము ఒక్కటే ఉండి అది 5:30 కంటే తక్కువైతే జవాబు సున్నా కిందకు పోయి సెల్ నిండా `####` వస్తుంది. ఎక్సెల్ సెల్‌కి టైమ్ జోన్ అన్నదే తెలియదు, అందులో ఉండేది ఒక అంకె మాత్రమే. ఏ టైమో చెప్పేది మీరు కాలమ్ పైన రాసే పేరే. ఆ పేరు "టైము" అని వదిలేయకండి.

లెక్కంతా అయ్యాక ఒక్కసారి సరిచూసుకోండి. మొదటి టైము నుంచి చివరి టైముకి ఎన్ని నిమిషాలో యూటీసీ కాలమ్‌లో లెక్కపెట్టండి, మన కాలమ్‌లో లెక్కపెట్టండి. రెండూ ఒకటే రావాలి. వాళ్ల కాలమ్‌లో వేరేగా వస్తే వెంటనే దిద్దకండి, ముందు ఆ తేదీన అక్కడ గడియారం మారిందేమో చూడండి. నేను చూడకుండా దిద్దాను.

## స్క్రీన్‌షాట్‌లో టైము ఉంటుంది కదా, అది చాలదా?

గ్రాఫు చూపించే డ్యాష్‌బోర్డులు చాలావరకు చూసేవారి బ్రౌజర్ టైములో చూపిస్తాయి. ఇక్కడ మనం తీసిన స్క్రీన్‌షాట్‌లో గ్రాఫు 11:10 దగ్గర పడిపోతుంది, ఏ టైమో ఎక్కడా రాసి ఉండదు. ఆవిడ అది చూసి తన 11:10 అనుకుంటారు. తీయబోయే ముందు డ్యాష్‌బోర్డు సెట్టింగ్‌ను యూటీసీకి మార్చి తీయండి. మార్చే వీలు లేకపోతే బొమ్మ కింద ఏ టైమో ఒక లైను రాయండి.

## ముందు జరగబోయే టైము ఎలా రాయాలి?

"రేపు ఈఓడీ లోపు పూర్తి రిపోర్టు పంపుతాం" అని రాయకండి. ఎవరి రేపు, ఎవరి సాయంత్రం? మేము ఇప్పుడు ఇలా రాస్తాం: బుధవారం, నవంబర్ 5, న్యూజెర్సీ టైము 17:00, అంటే 22:00 యూటీసీ. మాకు అది గురువారం తెల్లవారుజామున 3:30. ఈ చివరి మాట క్లయింట్‌కి అవసరం లేదు, మా టికెట్‌లో మాత్రం తప్పకుండా ఉంటుంది. లేకపోతే రాయాల్సినవాళ్లు గురువారం పొద్దున్న ఆఫీసుకు వచ్చి చూసుకుంటారు, అప్పటికే గడువు దాటిపోయి ఉంటుంది.

మెయింటెనెన్స్ కోసం గడువు పెట్టేటప్పుడు మార్చి నెల రెండో ఆదివారం ఎప్పుడో చూసుకోండి. 2026లో అది మార్చి 8. ఆ రోజు అక్కడ గడియారం 2 నుంచి నేరుగా 3కి దూకుతుంది. 2:30 అన్న టైమే ఆ రాత్రి రాదు. "మార్చి 8, 2:30కి మొదలుపెడతాం" అని రాస్తే ఆ గడువు ఏ గడియారంలోనూ ఉండదు. దూకే క్షణం మనకు మధ్యాహ్నం 12:30, యూటీసీలో 07:00. ఇలాంటి రోజుల్లో పని ఇంకో రోజుకి మార్చమని అడగడమే మంచిది. కుదరకపోతే యూటీసీలో రాసి, గడియారం దూకుతుందని ముందే చెప్పాలి.

## మా క్లయింట్ లండన్‌లో ఉన్నారు. ఇదే లెక్కా?

పద్ధతి ఇదే, తేదీలు వేరు. అక్కడ మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారుతుంది. అంటే ఏటా కొన్ని వారాలు లండన్ మారి ఉంటుంది, న్యూజెర్సీ మారి ఉండదు, లేదా న్యూజెర్సీ మారి లండన్ మారి ఉండదు. ఒకే రిపోర్టు రెండు చోట్లకూ పోతుంటే ఆ వారాల్లో జాగ్రత్త. అరిజోనాలో, నవాజో నేషన్ ప్రాంతం తప్ప, గడియారం అసలు మార్చరు. అమెరికా కదా అని అన్నీ ఒక్కలా లెక్క వేయకండి.

## ప్రతి లైనులో మూడు టైములు ఉంటే చదవడానికి కష్టం కాదా?

కష్టమే. అందుకే మూడూ టైమ్‌లైన్ పట్టికలో మాత్రమే. వాక్యాల్లో ఒక్క టైమే ఉండాలి, అదీ వాళ్లది. ఎంతసేపు అన్నది అసలు మార్చాల్సిన పనే లేదు. "అలర్ట్ చూసిన 18 నిమిషాలకు కారణం దొరికింది" అంటే ఏ ఊళ్లో చదివినా 18 నిమిషాలే. వీలున్నచోట గడియారం టైము బదులు ఇలా ఎంతసేపు అని రాస్తే వాక్యం తేలికగా ఉంటుంది, తప్పు పడే చోట్లు కూడా తగ్గుతాయి.

## పంపేశాక తప్పు కనిపిస్తే ఏం చేయాలి?

పాత ఫైలు మీదే గుట్టుగా సరిదిద్ది ఊరుకోకండి. దాన్ని అప్పటికే ఎవరో డౌన్‌లోడ్ చేసుకుని వెతకడం మొదలుపెట్టి ఉంటారు. కొత్త వెర్షన్ పంపి, మొదటి పేజీలో ఏ టైము ఎలా మారిందో పాతదీ కొత్తదీ పక్కపక్కన రాయాలి. ఆ మార్పు వల్ల వాళ్లు మళ్లీ చేయాల్సిన పని ఏదైనా ఉంటే అదీ రాయాలి.

నవంబర్ 2 రిపోర్టుకి మేము పంపిన రెండో వెర్షన్‌లో మొదటి పేజీలో మూడే వాక్యాలు ఉన్నాయి. సమస్య తీరిన టైము 2:20 అని తప్పుగా రాశాం, సరైనది 01:20 ఈఎస్‌టీ, అంటే 06:20 యూటీసీ. ఆ రాత్రి మీ గడియారం వెనక్కి వెళ్లిన గంటను మేము లెక్కలోకి తీసుకోలేదు. దయచేసి ఫెయిలైన పేమెంట్ల లిస్టును 05:40 నుంచి 06:20 యూటీసీ దాకా మళ్లీ తీయండి. ఆ సాయంత్రమే వాళ్లు కొత్త లిస్టు తీశారు, మొదటి లిస్టులో లేనివాళ్లంతా అందులో ఉన్నారు.